12 మిల్లీ కడ్డీకి డైతో మరలు కోసి కంటి బోల్టు చేసుకోవడం

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రి. బండల పాలిష్ మిషన్ మోటార్‌కి బెల్టు బిగించే కంటి బోల్టు తెగిపోయింది, అదే సైజు అంగట్లో దొరకడం లేదు. 12 మిల్లీ ఇనప కడ్డీ తెచ్చి ఎం12 డైతో నేనే మరలు కోస్తాండా. డై మొదట ఎక్కనే ఎక్కలేదు, ఎట్లో ఎక్కిస్తే వంకరగా పోయింది, మరల అంచులు చిరిగిపోయినాయి, నట్టు నాలుగు చుట్లు పోయి బిగుసుకుంటాంది. డై మంచిది కాదా?

సమాధానం:

తమ్ముడూ, డైని తిట్టే ముందర కడ్డీని కొలువు. అనంతపురంలో లేత్ షాపు పెట్టుకోని ఇదే పని చేస్తాండా, డై పాడైంది అని తెచ్చేవాళ్లలో ఎక్కువమందికి డై బాగానే ఉంటాది, కడ్డీనే లావు. నువ్వు చెప్పిన నాలుగు బాధల్లో మూడు, అంటే ఎక్కకపోవడం, అంచులు చిరగడం, నట్టు పట్టేయడం, ఈ ఒక్కదాని నుంచే రావచ్చు. వంకర సంగతి వేరే, అది తర్వాత చెప్తా.

నువ్వు తెచ్చింది నల్ల కడ్డీ అయ్యుంటాది, సిమెంటు ఇనుము అంగట్లో అమ్మేది. అది వేడి మీద రోల్ చేసిన సరుకు, 12 అని అమ్ముతారు గానీ వెర్నియర్ పెట్టి చూడు, ఒక చోట 12.1, ఇంకో చోట 12.3 చూపిస్తాది, పూర్తి గుండ్రం కూడా ఉండదు, పైన నల్ల పొర ఒకటి. ఆ పొర ఇనుము కంటే గట్టిది, డై పండ్ల మొనలు ముందు దాన్నే తినల్ల, అక్కడే సగం అరిగిపోతాయి. బజార్లో కొనే ఎం12 బోల్టును కొలిస్తే మర పైన 12 రాదు, 11.7కి 11.97కి మధ్యలో ఉంటాది, స్టాండర్డ్ అట్లే పెట్టినారు. ఇంక 12.25 కడ్డీ మీద డై తోస్తే ఏమయితాది? డై లోపల పండ్ల మధ్య గుంత ఉంటాది చూడు, అది మర తల పట్టేదానికి ఉన్న జాగా, అక్కడ కోసే అంచు ఉన్నట్టే గానీ లావు కడ్డీని చెక్కే పనికి చేసింది కాదు. ఎక్కువ ఉన్న ఇనుమంతా అక్కడ ఇరుక్కోని పిండినట్టు అయి, చుట్టు చుట్టుకీ తల చిరుగుతా వస్తాది. నువ్వు బలం పెట్టి తిప్పేకొద్దీ ఇంకా ఎక్కువ చిరుగుతాది.

కాబట్టి కడ్డీ ఎంత ఉండల్ల అంటే, మేం షాపులో పట్టుకునే లెక్క ఇది: బోల్టు సైజులోంచి పిచ్‌లో, అంటే ఒక మర నుంచి పక్క మరకు ఉండే దూరంలో, పదో వంతు తీసేయ్. ఎం12 మామూలు మర పిచ్ 1.75, పదో వంతు అంటే 0.17, కాబట్టి 11.8 దగ్గర ఉంటే చాలు. అంత సన్నం చేస్తే బలం పోదా అని అడుగుతారు అందరూ. పోదు. ఒక్కో పక్క మర లోతు మిల్లీ కంటే కొంచెం ఎక్కువ ఉంటాది, దాంట్లో పైన పదో వంతు తగ్గిందంతే, బోల్టు తెగేది మర అడుగున ఉండే సన్నని నడుం దగ్గర, అది మారలేదు కదా. పైగా మెత్తని ఇనుమును డై కోసేటప్పుడు కొంచెం పైకి ఉబుకుతాది కూడా, 11.8తో మొదలుపెట్టినా కోసినాక కొలిస్తే ఒక దారమంత ఎక్కువే కనపడ్తాది. ఆ జాగా ముందే ఇచ్చుకోవడం మంచిది.

12.25 నుంచి 11.8కి ఆకురాయితో రుద్దుకుంటా కూర్చుంటే పొద్దుపోతాది, గుండ్రం కూడా రాదు. నా మాట వింటే ఆ నల్ల కడ్డీ పక్కన పెట్టి 12 మిల్లీ బ్రైట్ బార్ తెచ్చుకో, లేత్ షాపులకు సరుకు ఇచ్చే అంగళ్లలో దొరుకుతాది, తెల్లగా నున్నగా ఉంటాది. అది చల్లగా లాగిన కడ్డీ, కొలిస్తే 11.9కి 12కి మధ్యలోనే ఉంటాది, ఆ మిగిలిన పదో వంతు మిల్లీని లేత్ మీద ఒక్క కట్‌లో తీయిస్తే అయిపోతాది, లేదంటే 13 మిల్లీ చక్ ఉన్న డ్రిల్లుకు పట్టించి తిప్పుతా ఆకురాయి, తర్వాత ఎమెరీ పేపర్ పట్టినా వస్తాది (చేతికి గ్లౌజు వేసుకోని తిరిగే కడ్డీ పట్టుకోవద్దు, గుడ్డ చుట్టుకుంటే వేళ్లు పోతాయి). చల్లగా లాగిన ఇనుము నల్ల కడ్డీ కంటే శుభ్రంగా తెగుతాది కూడా, చిరగడం సగం ఇక్కడే తగ్గిపోతాది.

కొనేటప్పుడు ఒకటి అడుగు. బ్రైట్ బార్‌లో ఫ్రీ కటింగ్ అని ఒక రకం ఉంటాది, గంధకం ఎక్కువ కలిపిన ఇనుము, మరలు వెన్నలా వస్తాయి గానీ నువ్వు చేసేది కంటి బోల్టు, వంచల్ల, వెల్డింగ్ పెట్టల్ల, ఆ రకానికి వెల్డింగ్ సరిగ్గా నిలవదు, పగుళ్లు వస్తాయి. మామూలు ఎంఎస్ బ్రైట్ అని అడిగి తెచ్చుకో. టీఎంటీ కడ్డీ మీద మాత్రం డై పెట్టొద్దు. ఇండ్లు కట్టేచోట మిగిలిన ముక్కలు ఉంటాయి కదా అని తెస్తారు చానా మంది, దాని పై పొరను కావాలనే నీళ్లతో చల్లార్చి గట్టి చేసి ఉంటారు, డై పండ్లు పోతాయి, పోనీ లేత్ మీద ఆ పొర తీసేసినావనుకో, బలం ఇచ్చేదే ఆ పొర, అది చెత్తలో పోయి మెత్తని గర్భం నీకు మిగుల్తాది.

ఇంక డై సంగతి. నువ్వు కొన్నది గుండ్రంగా ఉండి ఒక పక్క చీలిక ఉన్నదా, లేకుంటే నట్టు మాదిరి ఆరు పలకలుగా ఉన్నదా చూడు. ఆరు పలకలది అయితే అది కొత్త మర కోసేదానికి కాదు, దెబ్బ తిన్న మరను పాన పెట్టి సాపు చేసుకునేదానికి. కొత్త మరకు చీలిక ఉన్న గుండ్రం డైనే కావల్ల, దాన్ని పట్టే హ్యాండిల్‌కి స్క్రూలు ఉంటాయి, మధ్యలో ఉండే మొన స్క్రూ చీలికలోకి దిగి డైని తెరుస్తాది, పక్క రెండు దాన్ని మూస్తాయి. ఇది తెలియక చానా మంది అన్నీ ఒకేసారి బిగించేసి పని మొదలుపెడ్తారు.

మొదటిసారి మధ్య స్క్రూ బిగించి డైని కొంచెం తెరిచి పెట్టు, పక్కవి ఊరికే తగిలేంత. అప్పుడు ఇనుము కొంచెం తక్కువ లోతు తెగుతాది, చేతికి భారం తగ్గుతాది, రెండోసారి మూసి సైజుకు తెచ్చుకోవచ్చు. ఒకేసారి పూర్తి లోతు కోస్తే 12 మిల్లీ కడ్డీ మీద బలం బాగా పడ్తాది, చిరుగుడుకు అది కూడా ఒక కారణమే.

డైకి రెండు ముఖాలు ఉంటాయి, సైజు రాసిన ముఖం కడ్డీ వైపు పెట్టి మొదలుపెట్టు, సాధారణంగా ఆ పక్కనే పండ్లు ఏటవాలుగా కోసి ఉంటాయి, రెండు మూడు పండ్లు మెల్లమెల్లగా లోతుకు దిగుతాయి. తిరగేసి పెడితే ఒక్కసారిగా పట్టి ఎక్కదు. కడ్డీ కొనను కూడా ఏటవాలు చేయల్ల. ఊరికే అంచు మొద్దు చేస్తే చాలదు, కొన దగ్గర 9.8 దాకా సన్నం అవ్వల్ల, అంటే మర అడుగు కంటే కొంచెం తక్కువ, పొడవులో ఒక రెండు మిల్లీలు చాలు. గ్రైండర్ మీద తిప్పుతా పట్టినా పర్వాలేదు, కానీ చుట్టూ సమానంగా ఉండల్ల, ఒక పక్క ఎక్కువ పోయిందంటే డై ఆ పక్కకే ఒరుగుతాది. నీది వంకర పోయేదానికి మొదలు అక్కడ నుంచే అయ్యుండొచ్చు.

ఇంక వంకర సంగతికి వస్తా. డై మొదటి రెండు చుట్లలో ఏ వాలులో పట్టిందో చివరి దాకా ఆ వాలే. తన మర తనే పట్టుకోని పోతాది, నువ్వు మధ్యలో హ్యాండిల్ సరి చేసినా వినదు, బలవంతం చేస్తే మర మీద మర పడ్తాది. అందుకే నీ చేతి కొలత మీద నమ్మకం పెట్టుకోవద్దు. మీ దగ్గర పిల్లర్ డ్రిల్ ఉంటే దాని టేబుల్ మీద వైస్ పెట్టి కడ్డీ నిలువుగా పట్టించు, చక్ మొహం ఖాళీగా డై వెనక ముఖం మీద ఆనించి, కరెంట్ తీసేసి, ఒక చేత్తో డ్రిల్ లీవర్ మెల్లగా కిందికి నొక్కుతా ఇంకో చేత్తో హ్యాండిల్ తిప్పు. చక్ మొహం సమంగా ఉంటాది కాబట్టి డై ఒరగలేదు. లేత్ ఉన్నచోట టెయిల్‌స్టాక్‌తో ఇదే పని చేస్తాం. ఏదీ లేకుంటే వైస్‌లో నిలువుగా పట్టి, హ్యాండిల్ రెండు చేతులూ డైకి దగ్గరగా పట్టుకోని, చివర్లు పట్టుకోవద్దు, అరిచేత్తో మధ్యలో నొక్కుతా ఒకటిన్నర చుట్టు తిప్పి ఆపు. చిన్న మూలమట్టం తెచ్చి కడ్డీకి, డై మొహానికి పెట్టి చూడు, ఒక దిక్కు చూసి తర్వాత దానికి అడ్డంగా ఇంకో దిక్కు కూడా చూడు. ఈ రెండోది మర్చిపోతారు, ఒక దిక్కు బాగానే ఉండి ఇంకో దిక్కు ఒరిగి ఉంటాది. ఒరిగింటే వెనక్కి తిప్పి తీసి, ఎత్తుగా ఉన్న పక్క కొంచెం ఎక్కువ నొక్కుతా మళ్లీ పట్టించు. మూడు చుట్లు దాటినాక తెలిసిందంటే ఇంక ఏం చేయలేవు, ఆ ముక్క కోసేసి మళ్లీ మొదలు. అందుకే కడ్డీ ఎప్పుడూ ఒక అంగుళం పొడవు ఎక్కువ ఉంచుకోని కోసుకోవల్ల.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న ముక్క చూడు, వంకర పోయిన మరను చూడగానే గుర్తుపట్టొచ్చు, ఒక పక్క మొన వాడిగా లోతుగా ఉంటాది, సరిగ్గా ఎదురు పక్క తల చదునుగా, సగం కోసినట్టు ఉంటాది.

మూలమట్టం సరిపోయినాక నొక్కడం ఆపేయ్. ఇంక డై తనంతట తను లాక్కుంటాది, నొక్కితే మర పక్కలు చెడతాయి. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు టక్కుమని ఒక చిన్న దెబ్బ చేతికి తగుల్తాది, చిప్ తెగింది అని అర్థం. మెత్తని ఇనుము కదా, పొడి రాలదు, పొడుగు దారం మాదిరి వస్తాది, తెగకుంటే డై రంధ్రాల్లో చుట్టుకోని మళ్లీ పండ్ల కిందకి పోయి మరను గీకుతాది. నాలుగైదు చుట్లకొకసారి డై పూర్తిగా వెనక్కి తీసి బ్రష్‌తో రజను తుడిచేయ్, చేత్తో తీయొద్దు, బ్లేడు మాదిరి కోస్తాది.

నూనె విషయం ఒకటి చెప్పల్ల. మెకానిక్ షెడ్డుల్లో వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసి కోస్తాంటారు. ఇంజన్ ఆయిల్ జారే చోటికి పనికొస్తాది, ఇక్కడ కావల్సింది అది కాదు, పండు మొన దగ్గర ఇనుము ఇనుముకు అంటుకోకుండా చూసే నూనె కావల్ల. మరలు కోసే కటింగ్ ఆయిల్ అని డబ్బా దొరుకుతాది, ప్లంబర్లు జీఐ పైపులకు వాడేదే, అది తెచ్చుకుంటే మేలు. లేదంటే నవ్వుకోవద్దు, మన బుడ్డల నూనె వాడు. నిజంగానే చెప్తాండా, మెత్తని ఇనుము మీద మరలకు వేరుశనగ నూనె ఇంజన్ ఆయిల్ కంటే శుభ్రంగా కోస్తాది, అట్లాంటి నూనెలు ఇనుముకు పట్టుకోని పల్చని పొరగా నిలబడ్తాయి. కాకుంటే పని అయినాక డైని కిరసనాయిల్‌తో కడిగి పెట్టు, లేకుంటే కొన్నాళ్లకు జిగురు మాదిరి గట్టిపడి డై రంధ్రాలన్నీ మూసుకుంటాయి. పాలిష్ మిషన్ దగ్గర చల్లదనానికి వాడే నీళ్లు మాత్రం పోయొద్దు, వాటిలో రాతి పొడి ఉంటాది.

మొదటి కోత అయినాక కొత్త నట్టు ఒకటి పెట్టి చూడు. తుప్పు పట్టిన పాత నట్టుతో చూస్తే ఏం తెలియదు. ఎక్కదు, ఎక్కకూడదు కూడా, డై తెరిచి ఉంది కాబట్టి. ఇప్పుడు మధ్య స్క్రూ కొంచెం వదులు చేసి పక్కవి రెండూ సమానంగా కొంచెం బిగించి రెండోసారి పై నుంచి కింద దాకా దించు. మళ్లీ నట్టు చూడు. నట్టు వేళ్లతో తిరగల్ల, అట్లని గలగల ఊగకూడదు. చాలకుంటే ఇంకొంచెం మూసి మూడోసారి. పక్క స్క్రూలు ఒక్కసారిగా గట్టిగా బిగిస్తే డై చీలిక ఎదుటి పక్క పగిలిపోతాది, చానా గట్టి ఉక్కు అది, వంగదు, పగుల్తాది.

నువ్వు నట్టు నాలుగు చుట్లు పోయి పట్టేస్తాంది అన్నావు కదా, ఇది చానా రకాలుగా వస్తాది, ఏదో కనుక్కునే పద్ధతి చెప్తా. మొదట మార్కెట్ ఎం12 బోల్టు ఒకటి తీసుకోని దాని మరను నీ మరలో ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టు. పది పండ్లు వరకూ ఒకదాంట్లో ఒకటి కూర్చుంటే పిచ్ ఒకటే. రెండు మూడు పండ్ల తర్వాత ఎక్కి తొక్కుతాంటే నీ డై వేరే పిచ్, ఎం12లో సన్న మరలు 1.25, 1.5 కూడా ఉంటాయి, డై మీద ఎం12 పక్కన అంకె రాసి ఉంటాది చదువు. నట్టే అర అంగుళంది అయి ఉండొచ్చు, మన అంగళ్లలో ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి, కానీ అది 12 కంటే వదులుగా ఊగుతాది కాబట్టి సులభంగానే తెలుస్తాది.

పిచ్ సరిపోయినా పట్టేస్తాంటే మర మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, ఆరినాక నట్టు పోయినంత దూరం తిప్పి తీయి. నలుపు ఎక్కడ పోయిందో చూడు. మర తల మీద మెరుస్తాంటే కడ్డీ లావు, డైని మూసి ఎన్నిసార్లు తిప్పినా ప్రయోజనం లేదు, తల మీద సన్న ఆకురాయి తిరిగేటప్పుడు పట్టి తీసేయల్ల. మర పక్కలు మెరుస్తాంటే డై ఇంకా తెరిచి ఉంది, మూసి ఇంకోసారి దించు. ఒక పక్క మాత్రమే మెరిసి ఎదుటి పక్క నలుపు అట్లే ఉంటే వంకర, దానికి మందు లేదు. నీది 12.2 పైన ఉన్న కడ్డీ అయితే తల మీదే మెరుపు కనపడ్తాది చూడు.

ఇంక నీ బోల్టు పని వరస. మామూలు తిన్నని బోల్టు అయితే మీటర్ పొడుగు ఫుల్ త్రెడ్ కడ్డీ కొని కోసుకో అనేవాన్ని, నీకు కన్ను కావల్ల కాబట్టి ఈ కష్టం. కన్ను ముందు వంచొద్దు. వంచితే లేత్ చక్‌లో పట్టదు, డ్రిల్ కింద నిలువుగా నిలబడదు. ముందు తిన్నని కడ్డీకి మర, తర్వాత కన్ను. మోటార్ కింద పిన్ను 16 మిల్లీ అనుకో, నీది కొలిచి చూసుకో. 16 పిన్ను చుట్టూ 12 కడ్డీ తిరిగితే కడ్డీ మధ్య గీత 28 వ్యాసం మీద పోతాది, 28ని 3.14తో గుణిస్తే 88, అంటే కన్నుకే దాదాపు 90 మిల్లీ కడ్డీ పోతాది. కన్ను కింద నుంచి మర కొన దాకా నీకు 250 కావల్ల అంటే 250, 90 కలిపి 340, మర వైపు తప్పు పోతే కోసేదానికి 25, వంచేటప్పుడు పట్టుకునేదానికి ఇంకొంచెం, మొత్తం 400 కోసుకోని చివర్లో మిగిలింది తీసేయ్. మర 120 పొడవు పెట్టుకో, బెల్టు సాగేకొద్దీ మోటార్ వెనక్కి జరపల్ల కదా, బ్రాకెట్‌కి అటో నట్టు ఇటో నట్టు పడల్ల.

కన్ను చల్లగా వంచితే బ్రైట్ బార్ బయటి అంచున పగుళ్లు రావచ్చు, గ్యాస్‌తో ఎర్రగా కాల్చి పిన్ను చుట్టూ తిప్పు. మర ఉన్న కొనకు తడి గుడ్డ చుట్టి ఉంచు, వేడి పోయి మర మీద పొర కట్టకుండా. కన్ను మూసిన చోట వెల్డింగ్ పెట్టు, లాగినప్పుడు తెరుచుకోకుండా. వెల్డింగ్ నిప్పురవ్వలు మర మీద పడితే నట్టు మళ్లీ పట్టేస్తాది, అప్పుడు కూడా గుడ్డ తీయొద్దు.

బలం సరిపోతాదా అంటే, ఎం12కి మర దగ్గర పట్టే వైశాల్యం 84 చదరపు మిల్లీలు, మామూలు ఎంఎస్ చదరపు మిల్లీకి 24, 25 కేజీల దగ్గర సాగడం మొదలుపెడ్తాది, అంటే రెండు టన్నులు. బెల్టు లాగేదానికి ఇది ఎక్కువే, ఆ పాత బోల్టు తెగింది అంటే బరువుకు కాదు, నట్టు వదులై మోటార్ అదురుతా ఉంటే మర మొదలైన చోట మెల్లగా పగిలి ఉంటాది. తెగిన ముక్క మొహం చూడు, సగం నున్నగా తుప్పు పట్టి మిగిలిన సగం గరుగ్గా కొత్తగా ఉంటే అదే. అట్లయితే రెండో నట్టు, లాక్ నట్టు, తప్పకుండా వేయి. ఇట్లా చేసిన బోల్టును మాత్రం తల మీద 8.8 అని గుద్దిన బోల్టు ఉన్న చోట వేయొద్దు, ట్రాక్టర్ ట్రాలీ కొక్కెం, చక్రం బోల్టులు లాంటివి. అది చదరపు మిల్లీకి 64 కేజీల పైన తట్టుకునే ఉక్కు, మనది దాంట్లో సగం కూడా కాదు.

రాతి బురద నీళ్లు పడే చోటు కాబట్టి బిగించినాక మరకు గ్రీజు రాసి పెట్టు, లేకుంటే ఆరు నెలలకు నట్టు కదలదు. ముందర ఆ కడ్డీ మూడు చోట్ల కొలిచి, డై మీద రాసింది ఫోటో తీసి పెట్టు, మార్కర్ పూసి నట్టు తిప్పిన మర ఫోటో కూడా.